కర్నూలు రెండు మధురలకు పోయిన కథ

పిల్లలూ,

మొన్న వేసవి సెలవుల్లో టీవీలో గిల్లి అనే తమిళ సినిమా వస్తుంటే మీరిద్దరూ సగంలో లేచి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. "తాతా, ఇది మన ఒక్కడు సినిమానే. కాపీ కొట్టినారు. మన కొండారెడ్డి బురుజు మాత్రం లేదు" అని చిన్నది కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేసింది. ఆ రోజు ఇంటి నిండా చుట్టాలు, సరిగా జవాబు చెప్పలేకపోయాను. మీరు బెంగళూరు వెళ్ళాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, అందుకే ఈ ఉత్తరం.

నేను సినిమా డిస్ట్రిబ్యూటర్ దగ్గర రెప్రజెంటేటివ్‌గా పని చేసిన సంగతి మీకు తెలుసు కదా. మన రాయలసీమ జిల్లాలను సినిమా వ్యాపారంలో సీడెడ్ అంటారు. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషువాళ్ళకు వదులుకున్నప్పుడు పడిన పేరు అది. మిగతా ఆఫీసులన్నీ ఆ పేరు మరిచిపోయినా సినిమావాళ్ళు మాత్రం ఇప్పటికీ వదల్లేదు. రీళ్ళ పెట్టెతో పాటు థియేటరుకు పోవడం, ఆటకు ఎన్ని టికెట్లు తెగాయో లెక్క రాసి పంపడం నా పని. 2003 సంక్రాంతికి ఒక్కడు వచ్చినప్పుడు కర్నూలు హాల్లో వెనక గోడకు ఆనుకొని నిలబడి చూశాను. తెర మీద బురుజు కనబడగానే జనం సీట్ల మీదికి ఎక్కారు. రోజూ దాని పక్కనే కూరగాయలు కొనుక్కునేవాళ్ళు, దాన్ని మొదటిసారి చూసినట్టు అరిచారు.

ముందు కాపీ మాట తేల్చేస్తాను. అది కాపీ కాదు. సినిమా తీసిన నిర్మాతకు ఆ కథ మీద హక్కు ఉంటుంది. దాన్ని వేరే భాషలో మళ్ళీ తీసుకోవడానికి ఇచ్చే హక్కును రీమేక్ రైట్స్ అంటారు. తమిళానికి ఒకరికి, హిందీకి ఇంకొకరికి, ఇలా భాషకొక కాగితం రాసుకుంటారు. డబ్బింగ్ హక్కు వేరు, అంటే మన బొమ్మనే ఉంచి మాటలు మాత్రం మార్చుకోవడం. పాటల సంగతి మళ్ళీ వేరు. అందుకే మన సినిమాకు మణిశర్మ చేసిన పాటలు తమిళంలో లేవు, అక్కడ విద్యాసాగర్ కొత్తగా చేశారు.

డబ్బింగ్ చవక కదా, మళ్ళీ తీయడమెందుకు అని పెద్దోడు అడుగుతాడని తెలుసు. జనం చాలావరకు హీరో మొహం చూసి హాలుకు వస్తారు. 2004లో మదురైలోనో తిరునెల్వేలిలోనో వాళ్ళ అభిమానం విజయ్ మీద ఉంది, మహేష్‌బాబు మీద కాదు. పైగా నిర్మాతకు అన్నిటికంటే పెద్ద భయం, ఈ కథకు జనం ఎక్కడ చప్పట్లు కొడతారో ముందు తెలియకపోవడం. ఆడిన సినిమా కొంటే ఆ భయం సగం తీరుతుంది. హాల్లో కూర్చుని ఎక్కడ ఈల పడింది, ఎక్కడ జనం బయటికి పోయి సిగరెట్ కాల్చారు అన్నది చూసుకోవచ్చు. ఆయన నిజంగా కొనుక్కుంటున్నది ఆ తెలివిడిని.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒక్కడు కథను గుణశేఖర్ ఎలా కట్టాడో చూడండి. పాతబస్తీలో కబడ్డీ ఆడే కుర్రాడు ఆట కోసం కర్నూలు వస్తాడు. ఇక్కడ ఓబుల్ రెడ్డి అనే ఫ్యాక్షనిస్టు ఒక అమ్మాయిని బలవంతంగా పెళ్ళి చేసుకోవాలని వెంటబడుతుంటాడు. బురుజు దగ్గర వాడి చేతిలోంచి అమ్మాయిని విడిపించి, కుర్రాడు హైదరాబాదుకు తీసుకుపోయి తన ఇంట్లోనే దాస్తాడు. ఆ కుర్రాడి నాన్న పోలీసు అధికారి. ఆ అమ్మాయి కోసం వెతుకుతున్నదీ పోలీసులే.

ఈ కథలో కొన్ని ఎముకలు, కొన్ని బట్టలు. కబడ్డీ ఎముక. పోలీసు ఇంట్లోనే అమ్మాయిని దాయడం ఎముక. ఇవి ఏ భాషకు పోయినా మారలేదు, మారాల్సిన పని కూడా లేదు. కబడ్డీని తమిళులు సడుగుడు అని కూడా అంటారు, ఉత్తరాదిలోనూ ఊరూరా ఆడతారు. క్రికెట్ పెట్టి ఉంటే ఆ మట్టి, ఆ పట్టు వచ్చేవి కావు.

మరి కర్నూలు ఎముకా, బట్టా? 2004లో ధరణి తీసిన గిల్లిలో హైదరాబాదు చెన్నై అయింది, కర్నూలు మదురై అయింది. చార్మినార్ బదులు మెరీనా దగ్గరి లైట్‌హౌస్ వచ్చింది. 2015లో తేవర్ అని హిందీలో తీసినప్పుడు హీరో ఊరు ఆగ్రా, విలన్ ఊరు యమున ఒడ్డు మథుర. తెలుగులో మన పెద్దవాళ్ళు ఆ రెండు ఊళ్ళనూ మధుర అనే అనేవాళ్ళు, దక్షిణ మధుర ఒకటి, ఉత్తర మధుర ఒకటి. మన కర్నూలు రెండు మధురలకూ పోయిందన్నమాట. తమిళంలో బాగా ఆడింది, హిందీలో ఆడలేదు. ఎందుకో నేను చాలాసార్లు ఆలోచించాను.

కర్నూలు ఆ కథలో రెండు పనులు చేస్తుంది. మొదటిది దూరం. ఇక్కడి నుంచి హైదరాబాదుకు దాదాపు 210 కిలోమీటర్లు. తుంగభద్ర దాటితే వేరే జిల్లా. ఓబుల్ రెడ్డి మాట చెల్లే నేల ఒకటి, హీరోకు తెలిసిన గల్లీలు ఉన్న నేల ఒకటి. మధ్యలో రాత్రంతా రోడ్డు. ఎవరి నేల మీద ఎవరు బలవంతులో ప్రేక్షకుడి ఒళ్ళే తెలుసుకుంటుంది. మదురై నుంచి చెన్నై 460 కిలోమీటర్ల పైమాటే. తమిళంలో ఆ దూరం ఇంకా పెరిగింది, టెన్షన్ కూడా పెరిగింది. మథుర నుంచి ఆగ్రాకు 60 కిలోమీటర్లు కూడా లేదు. పొద్దున టిఫిన్ చేసి బయలుదేరితే రెండో టీకి చేరతారు. అమ్మాయిని ఎక్కడికో తెచ్చి కాపాడాడన్న నమ్మకం నాకు అక్కడ కలగలేదు. తాజ్‌మహల్ ఉన్న ఊరు, కృష్ణుడి ఊరు అని పేర్లు చూసుకున్నారు గానీ దూరం చూసుకోలేదని నా అభిప్రాయం.

రెండో పని, భయం. ఫ్యాక్షన్ అంటే ఏమిటో 2003 నాటి తెలుగు ప్రేక్షకుడికి ఎవరూ చెప్పక్కర్లేదు. సుమోలు వరసగా వస్తే చాలు, హాలంతా బిగుసుకుపోయేది. (ఆ సుమోలు, ఆ బాంబులు తప్ప మన ఊళ్ళో ఇంకేమీ లేనట్టు ఏళ్ళ తరబడి తీసినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ బాధే. మీ అవ్వ పుట్టింటి ఊళ్ళో నేను చూసినవి శనక్కాయ చేలు, నీళ్ళ కోసం చూసే మనుషులు.) తమిళ ప్రేక్షకుడికి ఫ్యాక్షన్ అంటే అర్థం కాదు. అందుకని అక్కడ విలన్ ముత్తుపాండి బలమంతా వాళ్ళ నాన్న హోం మంత్రి అన్నదాని మీద నిలబెట్టారు. మన సినిమాలోనూ విలన్ ఇంటి మనిషికి ఆ పదవి ఉంది. కానీ మనకు అది అదనపు బలం, వాళ్ళకు అదే పునాది.

ఇక్కడ ఒక చక్కటి సంగతి. రెండు భాషల్లోనూ విలన్ ప్రకాశ్‌రాజే. ఒకే మనిషి, ఒకే కథ, ఏడాది తేడాలో. మనకు ఓబుల్ రెడ్డి పిచ్చి ప్రేమ వెనక కత్తి ఎప్పుడూ కనిపిస్తుంటుంది. తమిళంలో ఆయన అమ్మాయిని చెల్లం అని ముద్దుగా పిలుస్తాడు, ఆ పిలుపు తమిళనాడంతా జనం నోట ఆడింది. అంటే విలన్‌లో నవ్వు పాలు పెంచారు. పండగపూట కుటుంబంతో వచ్చే విజయ్ ప్రేక్షకులకు అది సరిపోయింది. ఏది మెరుగు అంటే నా మనసు ఓబుల్ రెడ్డి వైపే. అయినా ధరణి చేసినది తప్పు కాదు, తన జనాన్ని ఎరిగి చేశాడు.

చార్మినార్ సంగతి కూడా ఇంతే. కథలో ఆ తరవాత హీరో హీరోయిన్లు దాక్కోవడానికి ఊరి నడిమధ్య ఎత్తయిన చోటు కావాలి. కింద వెతికేవాళ్ళు పైకి చూడకూడదు, పైనున్నవాళ్ళకు ఊరంతా కనిపించాలి. నిజమైన చార్మినార్ మీద అన్ని రోజులు షూటింగ్ కుదరదు కాబట్టి మనవాళ్ళు పెద్ద సెట్ వేశారు. ధరణి ఆ పనికి చెన్నైలో ఏ కట్టడం పనికొస్తుందా అని చూసి లైట్‌హౌస్ పట్టుకున్నాడు. చార్మినార్ బదులు ఏదో గుడి అని వెతికి ఉంటే దెబ్బతినేవాడు. పోలిక కట్టడంలో కాదు, అది కథలో చేసే పనిలో ఉండాలి.

తేవర్‌కు ఇంకో చిక్కు కూడా ఉంది, కాలం. 2003లో ఒక అమ్మాయిని మేడ మీద గదిలో దాచి పెట్టారంటే నమ్మాం. అప్పటికి అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్ లేదు. పన్నెండేళ్ళ తరవాత అదే కథ చెప్పాలంటే ఫోను, వీధి కెమెరా లాంటివాటికి ముందు జవాబు రాసుకోవాలి.

ఊరితో పని లేని కథలూ ఉన్నాయి. మలయాళంలో 2013లో జీతు జోసెఫ్ తీసిన దృశ్యం అలాంటిది. అక్కడ ముఖ్యం ఊరు కాదు, ఇంట్లో జరిగిన హత్యను దాచడానికి ఆ రెండు రోజులూ ఇంటిల్లిపాదీ ఇంకోచోట ఉన్నామని నమ్మించడం. మలయాళంలో హీరో క్రైస్తవుడు, అందుకే ప్రార్థన కూటానికి పోయామంటాడు. హిందీలో గోవా మనిషి, స్వామీజీ సత్సంగం అంటాడు. చైనాలో 2019లో తీసినప్పుడు కథను థాయ్‌లాండ్‌లో ఉంటున్న చైనా కుటుంబం మీద నడిపి, చివర్లో తండ్రి తానే పోయి లొంగిపోయేలా మార్చారు. తప్పు చేసినవాడు శిక్ష పడకుండా తప్పించుకున్నట్టు చూపడం అక్కడి సెన్సార్‌కు కష్టం. మన దగ్గర అదే తండ్రి తప్పించుకున్నందుకు చప్పట్లు కొట్టాం.

ఇప్పుడు మీరు ఫోనులో ఏ భాష సినిమానైనా తెలుగు మాటలతో చూసేస్తున్నారు కాబట్టి రీమేకులు తీసేవాళ్ళకు కష్టకాలం వచ్చింది. అసలుది చూసేసినవాడు కొత్తదాన్ని పక్కన పెట్టి తూకం వేస్తాడు.

దసరాకు వచ్చినప్పుడు ఒక్కడు, గిల్లి ఒకదాని తరవాత ఒకటి పెట్టుకుందాం. ఒక కాగితం మీద రెండు గళ్ళు గీసి ఉంచండి. అమ్మాయి చెయ్యి పట్టుకుని పరుగు మొదలైనప్పటి నుంచి విలన్ ఊరి పొలిమేర దాటేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో చిన్నది రాయాలి. ఆ లోపల ఎవరెవరు అడ్డం వచ్చారో పెద్దోడు రాయాలి. సాయంత్రం ఎండ తగ్గాక బురుజు దగ్గరికి పోయి, నిజంగా అక్కడి నుంచి తుంగభద్ర వంతెన దాకా ఎంత దూరమో చూసొద్దాం.

మీ తాత,
కర్నూలు