'మెర్సీ' అన్న ప్రతిసారీ కృతజ్ఞత కాదు: ఫ్రెంచి ఆఫీసు మెయిళ్లపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాదులో పనిచేస్తూ ఫ్రాన్సులోని మేనేజర్లకు రిపోర్ట్ చేసే ఉద్యోగులకు నేను ఫ్రెంచి నేర్పుతాను. వాళ్లు నాకు చూపించే మెయిళ్లలో రకరకాల తప్పులు ఉంటాయి గానీ, ఎక్కువ నష్టం చేసేది మాత్రం ఒక్కటే.

అపోహ: 'మెర్సీ ద' అని మొదలైతే అవతలివారు ధన్యవాదాలు చెబుతున్నట్టే.

కాదు. 'మెర్సీ ద' తరువాత క్రియ మూలరూపంలో వస్తే అది పని పురమాయించడం. "మెర్సీ ద మాఁవ్వాయే ల కోఁత్ రాఁద్యూ" అంటే "సమావేశ నివేదిక నాకు పంపండి" అని అర్థం. పంపినందుకు కృతజ్ఞత చెప్పాలంటే "మెర్సీ ద మావ్వార్ ఆఁవ్వాయే" అని, మధ్యలో 'అవ్వార్' అనే సహాయక క్రియ చేర్చి రాస్తారు. 'ఆఁవ్వాయే' అన్న మాట రెండుచోట్లా ఒకేలా వినిపిస్తుంది కాబట్టి, చూడవలసింది 'అవ్వార్' ఉందా లేదా అన్నదే.

నా విద్యార్థిని ఒకామెకు మంగళవారం ఇందులో మొదటి వాక్యమే వచ్చింది. అంతకుముందు వారం పంపిన నివేదికకు ధన్యవాదాలు చెబుతున్నారనుకొని, "ద రియాఁ", అంటే "పరవాలేదండీ" అని జవాబిచ్చి ఊరుకుంది. గురువారం మేనేజరు "సోఫ్ ఎరూర్ ద మా పార్, నివేదిక నాకు ఇంకా అందలేదు" అని రాశారు. ఆ ఫ్రెంచి మాటలకు "నేను పొరబడి ఉంటే తప్ప" అని అర్థం కనుక, పాపం ఆయనే తన పొరపాటు ఒప్పుకుంటున్నారని ఆమె అనుకుంది. నిజానికి అది మర్యాదగా చేసిన హెచ్చరిక. సంగతి తెలిశాక ఆమె ఎంత కంగారుపడిందో నాకు గుర్తుంది. కానీ ఆమెను తప్పుపట్టలేను. మన కార్యాలయాల ఉత్తరాల్లో "వివరాలు తెలియజేయగలరు" అని వస్తే అది మన సామర్థ్యం గురించిన మాట కాదని తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కరలేదు, పరాయివాడికి మాత్రం చెప్పి తీరాలి. ఇదీ అంతే.

ఇదే అపోహకు రెండో వైపు ఇంకా ప్రమాదకరమైనది. 'మెర్సీ' ఉంది కదా, మర్యాదగానే ఉంటుందని నమ్మి, కింది ఉద్యోగి తన మేనేజరుకు "మెర్సీ ద వాలిదే ల తాబ్లో ఆవాఁ వాఁద్రది" అని రాస్తాడు. "శుక్రవారంలోగా పట్టికను ఆమోదించండి" అని పై అధికారికి ఆజ్ఞ జారీ చేసినట్టు ఉంటుంది అది. సమాన హోదాలో ఉన్నవాళ్ల మధ్య ఇది రోజూ నడిచే మాటే, ఎవరూ పట్టించుకోరు. కింది నుంచి పైకి వెళ్లినప్పుడే గుచ్చుకుంటుంది. చివర "మెర్సీ దావాఁస్", అంటే "ముందుగానే ధన్యవాదాలు" అని చేర్చినంత మాత్రాన అది మెత్తబడదు, ఒక్కోసారి ఒత్తిడి మరింత పెరిగినట్టు కూడా అనిపిస్తుంది.

దీన్ని సరిదిద్దేటప్పుడు నేను మూడు మార్పులు చేయిస్తాను. వాక్యాన్ని "పూరియే-వూ", అంటే "మీరు చేయగలరా" అనే ప్రశ్నగా మార్చాలి. శుక్రవారం అని వదిలేయకుండా, శుక్రవారం మధ్యాహ్నం 12 గంటలు, పారిస్ సమయం అని రాయాలి. ఆ తరువాత కారణం చెబుతూ, "అదే రోజు సాయంత్రం దాన్ని క్లయింటుకు పంపవలసి ఉంది" అని ఒక్క వాక్యం చేర్చాలి. గడువు ఎందుకో తెలిస్తే అది తొందరపెట్టడంలా అనిపించదు.

అపోహ: "చేస్తే బాగుంటుంది" అన్న ధోరణిలో రాస్తే అది మన ఇష్టానికి వదిలేసిన సలహా.

మేనేజరు రాసినప్పుడు దాదాపు ఎప్పుడూ కాదు. "ఇల్ ఫోద్రే రవ్వార్ ల ప్వాఁ 3" అంటే మాటవరసకు "3వ అంశాన్ని మళ్లీ చూడవలసి ఉంటుందేమో" అని. ఆచరణలో "దాన్ని మార్చి పంపండి" అని. "ఈ పత్రం కొంచెం చిన్నదైతే మెరుగవుతుంది" అని వస్తే కుదించమనే అర్థం. ఫ్రెంచిలో దీనికి వాడే క్రియారూపం మాటలోని పదును తగ్గిస్తుంది, పనిని మాత్రం తగ్గించదు. అలాగే "పా మాల్" అంటే "చెడ్డగా లేదు" అని అక్షరాలా అనువదించుకొని దిగులుపడేవాళ్లు ఉన్నారు. చాలా సందర్భాల్లో అది మెచ్చుకోలే. దాని వెనకే "మే", అంటే "కానీ" వస్తే మాత్రం అసలు విషయం ఆ తరువాత ఉంటుంది, అక్కడ శ్రద్ధగా చదవండి.

మిగిలినవి.

చివర ఒట్టి "కోర్దియాల్మాఁ" అని ఉంటే మేనేజరుకు కోపం వచ్చిందన్న పుకారు ఎక్కడ పుట్టిందో గానీ, నమ్మకండి. అది మామూలు ముగింపు. ఎప్పుడూ ఆప్యాయంగా ముగించే మనిషి ఉన్నట్టుండి దానికి మారితే అప్పుడు ఆలోచించండి. పాతకాలపు ఉత్తరాల్లోని "వయే అగ్రేయే" వంటి పొడవాటి ముగింపులు రోజువారీ మెయిళ్లలో అక్కరలేదు. ఇక "నువ్వు" అనే 'తు', "మీరు" అనే 'వూ'ల సంగతి: పై అధికారి మీతో 'తు' మొదలుపెట్టేవరకు 'వూ'తోనే రాయండి. ఆయన మొదలుపెట్టాక కూడా గౌరవం కొద్దీ మీరు 'వూ' దగ్గరే ఆగిపోతే, దూరం పెడుతున్నారని ఆయన అనుకునే అవకాశం ఉంది.