పాలపొడి కలిపే నీళ్లు: మరిగించడం, చల్లార్చడం, బావి నీళ్ల గురించి అపోహలు - వాస్తవాలు

పిల్లల వార్డులో నర్సుగా చేస్తున్నా, డబ్బా పాలు పట్టే తల్లులకి నీళ్ల గురించి చెప్పడం నా రోజువారీ పని. దాదాపు అందరూ "నీళ్లు మరిగించే కలుపుతున్నాం సిస్టర్" అంటారు, నిజమే మరిగిస్తారు, కానీ తేడా వచ్చేది మరిగించాక ఎంతసేపు ఉంచారు, అసలు ఆ నీళ్లు ఎక్కడివి అన్న దగ్గరే.

అపోహ: నీళ్లు మరిగించి, బాగా చల్లారాక గోరువెచ్చగా ఉన్నప్పుడు పొడి కలపాలి.

వాస్తవం: ఇలా చేస్తే నీళ్లలో క్రిములు పోతాయి కానీ పొడిలో ఉన్నవి అలాగే ఉంటాయి. సీల్ తీయని కొత్త డబ్బా అయినా పాలపొడి స్టెరైల్ కాదు, అందులో క్రోనోబాక్టర్, సాల్మొనెల్లా లాంటివి ఉండే అవకాశం ఉంది. అరుదే, కానీ క్రోనోబాక్టర్ సోకితే 2 నెలల లోపు పిల్లలకి, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి మెదడు దాకా పోయి ప్రాణం మీదకి వస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పొడి కలిపేటప్పుడు నీళ్లు కనీసం 70 డిగ్రీల వేడి ఉండాలంటుంది, ఆ వేడికే పొడిలో క్రిములు చస్తాయి.

మరి ఇంట్లో 70 డిగ్రీలు ఎలా తెలుస్తుంది? ఒక లీటరు నీళ్లు కెటిల్‌లోనో మూత ఉన్న గిన్నెలోనో తెర్లేదాకా మరిగించి దింపి, మూత తీయకుండా పెట్టండి, 30 నిమిషాలు దాటకుండా వాడేయండి. ఇక్కడ చాలామంది పొరపాటు చేసేది ఏంటంటే ఒక్క సీసాకి సరిపడా నీళ్లే వెడల్పాటి గిన్నెలో కాచి అరగంట ఆగుతారు, అంత కొంచెం నీళ్లు చాలా త్వరగా చల్లారిపోతాయి, అరగంట లెక్క లీటరుకే గానీ గ్లాసుడు నీళ్లకి కాదు. సీసాలో ముందు నీళ్లు కొలిచి పోసి తర్వాత పొడి వేయండి, మూత పెట్టి కలిపి, ఆ సీసాని చల్లటి నీళ్ల గిన్నెలో నిలబెట్టండి, బయటి నీళ్లు సీసా మూత కంటే కిందే ఉండాలి. మణికట్టు లోపలివైపు రెండు చుక్కలు వేసుకుని చూడండి, వేడి తెలియకపోతేనే పట్టాలి, ఈ పరీక్ష ఒక్కసారి కూడా మానొద్దు, నోరు కాలుతుంది. డబ్బా మీద ఇంతకంటే తక్కువ వేడి రాసి ఉంటే, ముఖ్యంగా బిడ్డ చిన్నదైతే, డాక్టర్ని అడిగి చేయండి.

అపోహ: బావి నీళ్లే కదా, ఇంకాసేపు ఎక్కువ మరిగిస్తే సరిపోతుంది.

వాస్తవం: నాకు బాగా భయం వేసే మాట ఇదే. ఒకసారి 2 నెలల పాపని తెచ్చారు, పెదాల చుట్టూ, గోళ్ల దగ్గర బూడిద రంగు కలిసిన నీలం, కానీ ఆయాసం పెద్దగా లేదు, ఆక్సిజన్ పెట్టినా రంగు మారలేదు. రక్తం తీస్తే ఎర్రగా లేదు, చాక్లెట్ రంగులో ఉంది. నానమ్మ పాపం జాగ్రత్త కొద్దీ బావి నీళ్లు రోజూ అరగంట మరిగించేదట.

బావి నీళ్లలో నైట్రేట్ ఉండొచ్చు, పొలం ఎరువుల నుంచి, పశువుల పేడ నుంచి, సెప్టిక్ ట్యాంక్ నుంచి దిగుతుంది. రంగు, రుచి, వాసన ఏమీ తెలియవు. అది ఒంట్లో నైట్రైట్‌గా మారి రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది, చంటిపిల్లలకి దాన్ని తిప్పికొట్టే ఎంజైమ్ తక్కువ. మరిగిస్తే ఇది పోదు సరికదా, చిక్కబడుతుంది. లెక్క చూడండి: లీటరుకి 40 మిల్లీగ్రాములు ఉన్న నీళ్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన 50 హద్దు లోపలే ఉన్నట్టు, కానీ లీటరు మరిగి మరిగి 700 మిల్లీలీటర్లకి వస్తే అదే నైట్రేట్ లీటరుకి 57 అవుతుంది, హద్దు దాటిపోయింది. కాబట్టి ఏ నీళ్లయినా తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు (2000 మీటర్ల పైన కొండప్రాంతమైతే 3 నిమిషాలు), కాచినవే మళ్లీ మళ్లీ కాచొద్దు.

బావి, బోరు నీళ్లు ల్యాబ్‌లో నైట్రేట్‌కి, కోలిఫామ్ క్రిములకి టెస్ట్ చేయించకుండా బిడ్డకి వాడొద్దు, పక్కింటి బావి రిపోర్ట్ మీ బావికి పనికిరాదు. మామూలు ఫిల్టర్, యూవీ, క్లోరిన్ ఏవీ నైట్రేట్‌ని తీయవు, ఆర్వో తగ్గిస్తుంది, కానీ ఆర్వో నుంచి వచ్చిన నీళ్లు కూడా టెస్ట్ చేయించి చూసుకోవాలి, ఆ తర్వాత మామూలుగా మరిగించాలి. బిడ్డ పెదాలు నీలంగా కనిపిస్తే ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, వెళ్లగానే బావి నీళ్లతో పాలు పడుతున్నామని చెప్పండి. ఆ పాప విషయంలో నానమ్మ ఆ మాట చెప్పాకే డాక్టర్‌కి అనుమానం వచ్చింది, మిథిలీన్ బ్లూ అనే మందు ఇచ్చాక పెదాలకి రంగు తిరిగొచ్చింది.

అపోహ: సీల్డ్ బాటిల్ నీళ్లు నేరుగా కలిపేయొచ్చు.

వాస్తవం: అవీ స్టెరైల్ కావు, మరిగించాల్సిందే. కొన్ని మినరల్ వాటర్లలో సోడియం ఎక్కువ ఉంటుంది, లేబుల్ మీద లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉంటేనే తీసుకోండి.