మూడు రివ్యూల 5.0: స్టార్ రేటింగులపై అపోహలు - వాస్తవాలు

టిఫిన్ సెంటర్లకు జనం స్టార్లు ఇచ్చే ఒక యాప్‌లో ఎవరు పైన, ఎవరు కింద అని వరుస పెట్టే పని నాది. మొదట్లో మామూలు సగటుతోనే కానిచ్చేశాను. వారం తిరక్కుండా ఒక హోటల్ ఓనరు ఫోన్ చేశారు. "మాకు నాలుగు వందల మంది రాశారు సార్. మొన్న పెట్టిన బండి మా నెత్తినెక్కి కూర్చుందేంటి?" చూస్తే ఆయనకు 412 రివ్యూలు, సగటు 4.6. బండికి మూడే రివ్యూలు, మూడూ 5 స్టార్లే.

అపోహ: 4.6 కన్నా 5.0 గొప్ప.

ఆ మూడింటిలో ఒకటి బండాయన బావమరిదిది కావచ్చు. అది పక్కన పెట్టండి. నాలుగో మనిషి చట్నీ పులిసిందని 1 స్టార్ ఇస్తే బండి సగటు 5.0 నుంచి 4.0కి పడిపోతుంది. అదే 1 స్టార్ ఆ హోటల్‌కు పడితే 4.60 కాస్తా 4.59 అవుతుంది, అంతే. మామూలు సగటుతో వరుస పెట్టిన ఏ జాబితా అయినా చూడండి: అట్టడుగునా, అన్నిటికన్నా పైనా రెండు మూడు రివ్యూల దుకాణాలే ఉంటాయి.

మేం వాడే సూత్రం ఇది:

```
score = (v*R + m*C) / (v + m)
```

v అంటే రివ్యూల సంఖ్య, R ఆ దుకాణం సగటు, C అన్ని దుకాణాల రివ్యూల సగటు. మా దగ్గర C 4.1. m మనం ఎంచుకునేది, 20 అనుకుందాం. అంటే ప్రతి దుకాణానికీ 4.1 చొప్పున 20 ఊహా రివ్యూలు ముందే వేసి ఉంచుతాం. అప్పుడు బండి లెక్క (15 + 82) / 23, అంటే 4.22. హోటల్‌కు 4.58. ఐఎండీబీ టాప్ 250 సినిమాల జాబితాకు ప్రకటించిన సూత్రం కూడా ఇదే తరహాది. అక్కడ m వేలల్లో ఉంటుంది.

అపోహ: ఇది కొత్తవాళ్లను తొక్కేయడమే.

మూడు రివ్యూలూ 1 స్టారే వచ్చిన కొత్త దుకాణానికి ఇదే లెక్కలో 3.70 వస్తుంది. తొలి వారమే మునిగిపోకుండా దాన్ని కాపాడేది ఇదే. పైగా మన బండికి 50 రివ్యూలు వచ్చి అన్నీ 5 అయితే స్కోరు 4.74, హోటల్‌ను దాటేస్తుంది.

తొక్కేసేది అతిగా పెంచిన m. నేనోసారి 500 పెట్టి చూశాను. హోటల్ కూడా 4.33కి దిగింది, పై వరుసలు నెలంతా కదల్లేదు. మరీ తగ్గిస్తే మూడు రివ్యూల వాళ్లు మళ్లీ పైకొస్తారు. C విషయంలోనూ జాగ్రత్త: బిర్యానీ హోటళ్ల సగటు తెచ్చి టిఫిన్ బండికి కలిపితే లెక్క తప్పుతుంది.

అపోహ: ఇక దొంగ రివ్యూల టెన్షన్ లేదు.

మూడు దొంగ రివ్యూలైతే పెద్దగా పని చేయవు. కానీ 50 కొనుక్కుంటే ఆ 4.74 దొంగకూ వస్తుంది. నిజంగా తిన్నవాళ్లెవరో ఈ సూత్రానికి తెలియదు. అందుకే మేం బిల్లు ఉన్న రివ్యూలనే v లో లెక్కేస్తున్నాం.