నెలసరి రోజుల్లో ఆటలు: గ్రౌండులో వినిపించే అపోహలు - వాస్తవాలు

"మేడమ్, ఈరోజు ఆడను. కడుపు నొప్పి." ఎనిమిది నుంచి పదో తరగతి దాకా ఆడపిల్లలకు ఆటలు నేర్పే ప్రతి పీఈటీ వినే మాటే ఇది. దానికి మనం ఇచ్చే జవాబును బట్టే ఆ పిల్ల ఆ ఏడాదంతా ఆటలో ఉంటుందా, చెట్టు కింద కూర్చుండిపోతుందా అనేది చాలావరకు తేలిపోతుంది. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పిల్లల దగ్గర, తల్లుల దగ్గర, స్టాఫ్ రూములో నేను ఎక్కువగా వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఆ మూడు రోజులూ ఆటలు ఆడకూడదు.

వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న అమ్మాయి నెలసరిలో ఆడకూడదనడానికి వైద్యపరమైన కారణం లేదు. నొప్పి ఎందుకు వస్తుందో పిల్లలకు చెబితే సగం భయం పోతుంది. నెలసరి మొదలయ్యే సమయానికి గర్భాశయం లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతాయి. వాటివల్ల గర్భాశయ కండరం బిగుసుకుంటూ వదులవుతూ ఆ పొరను బయటికి పంపుతుంది. పొత్తికడుపులో నొప్పి ఆ బిగింపుదే. కొందరికి అది నడుముకీ తొడలకీ పాకుతుంది, వికారం, విరేచనాలు కూడా ఉంటాయి. సాధారణంగా మొదటి రెండు రోజులే ఎక్కువ.

వారానికి మూడుసార్లు, 45 నుంచి 60 నిమిషాల పాటు వ్యాయామం చేసేవాళ్లలో ఈ నొప్పి తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఇక్కడే చాలామంది టీచర్లు పొరపడతారు. ఆ లాభం నెలంతా క్రమంగా ఆడినందుకు వచ్చేది. నొప్పితో మెలికలు తిరుగుతున్న రోజున బలవంతాన పరుగెత్తిస్తే వచ్చేది కాదు. అలాంటి రోజున పది నిమిషాలు మెల్లగా నడక, తర్వాత నడుముకు హాయినిచ్చే మార్జాలాసనం, శశాంకాసనం, ఇంటికి వెళ్లాక పొత్తికడుపు మీద వేడినీళ్ల కాపడం చాలు. ఇవేవీ పనిచేయక ప్రతి నెలా బడి మానేసేంత నొప్పి ఉంటే "ఆడపిల్లకు ఓర్పు ఉండాలి" అని సర్దిచెప్పకండి, డాక్టరుకు చూపించమనండి.

పిల్లలకు నేను మీరాబాయి చాను సంగతి చెబుతాను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 49 కిలోల విభాగంలో ఆమె మొత్తం 199 కిలోలు ఎత్తి, ఒక్క కిలో తేడాతో కాంస్యం చేజారి నాలుగో స్థానంలో నిలిచింది. అది తనకు నెలసరి మూడో రోజు అనీ, కాస్త నీరసంగా అనిపించిందనీ తర్వాత తనే చెప్పింది. అంత బరువు ఎత్తిందన్నదీ నిజమే, నీరసంగా ఉందన్నదీ నిజమే. తన ఒంట్లో ఎలా ఉందో చెప్పగలిగేది ఆ మనిషే.

అపోహ: ఎగిరినా, పరుగెత్తినా గర్భసంచి జారిపోతుంది. సైకిలు తొక్కితే కన్నెపొర పోతుంది.

వాస్తవం: గర్భాశయాన్ని లోపల గట్టి బంధనాలు, కింద కటి కండరాలు పట్టి ఉంచుతాయి. లాంగ్ జంప్ చేసినంత మాత్రాన, స్కిప్పింగ్ ఆడినంత మాత్రాన ఆ వయసు పిల్లలకు అది జారదు. ముందు ముందు పిల్లలు పుట్టడానికీ దీనికీ సంబంధం లేదు. ఇక కన్నెపొర అంటే యోని ద్వారం అంచున ఉండే సాగే గుణమున్న కణజాలం. పుట్టుకతోనే ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. అది ఎలా ఉందన్నదాన్ని బట్టి ఒక అమ్మాయి గురించి ఎవరూ ఏమీ తేల్చలేరు. తల్లులు ఈ మాట నలుగురిలో అడగరు, పక్కకు పిలిచి అడుగుతారు. అక్కడే, అంతే మెల్లగా, సూటిగా చెప్పాలి.

అపోహ: నిజంగా నెలసరో, ఆట ఎగ్గొట్టే సాకో టీచర్ అడిగి తేల్చుకోవాలి.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది ఇదే. "డేట్ వచ్చిందా? పోయిన వారమే కదా వచ్చిందన్నావు?" అని గ్రౌండులో నలుగురి ముందు అడిగితే ఆ పిల్ల మరి నోరు విప్పదు. ఒంట్లో నిజంగా బాగోలేని రోజున కూడా చెప్పదు. కొన్నిచోట్ల హాజరు పట్టీలో నెలసరి తేదీలు రాస్తారు. అది అసలే వద్దు. క్లాస్ లీడరు చేతికి దొరికే పుస్తకం అది.

అడగాల్సిన అవసరమే రాకుండా క్లాసును నడపొచ్చు. నేను ప్రతి గేమ్స్ పీరియడ్ మొదట్లో, మగపిల్లలతో కలిపి అందరికీ ఇలా చెబుతాను: "ఈరోజు మూడు పనులున్నాయి. ఖోఖో ఆడేవాళ్లు కోర్టులోకి రండి. నడక, స్ట్రెచింగ్ చేసేవాళ్లు గ్రౌండు చుట్టూ తిరగండి. స్కోరు, టైము రాసేవాళ్లు ఇక్కడ ఉండండి. మధ్యలో మారాలనిపిస్తే మారండి, నన్ను అడగక్కర్లేదు." కారణం ఎవరూ చెప్పరు, నేనూ అడగను. మడమ బెణికిన మగపిల్లాడూ, నెలసరిలో ఉన్న అమ్మాయీ ఒకే వరసలో నడుస్తారు. నా పుస్తకంలో ఎవరు ఏ పని చేశారన్నదే ఉంటుంది.

అందరూ స్కోరు రాస్తామని కూర్చుంటారేమో అని తోటి టీచర్లు అంటుంటారు. కొద్దిరోజులు అలా అవుతుంది కూడా. తర్వాత ఎవరు వారం దాటినా కోర్టులోకి రావడం లేదో పుస్తకమే చూపిస్తుంది. ఆ పిల్లతో విడిగా మాట్లాడాలి. అందరికీ కనిపించేచోట, ఎవరికీ వినిపించనంత దూరంలో, పక్కపక్కన నడుస్తూ మాట్లాడితే పిల్లలు తేలిగ్గా చెబుతారు.

"ఈమధ్య ఆడటం లేదేం తల్లీ? నొప్పా, నీరసమా, మరేదైనా ఇబ్బందా? చెప్పాలనిపిస్తేనే చెప్పు."

"నొప్పేం లేదు మేడమ్... ఖోఖోలో కూర్చుంటాం కదా. లేచేటప్పుడు వెనకవాళ్లకు కనిపిస్తుందేమోనని."

ఇలాంటి జవాబే చాలాసార్లు వస్తుంది. అడ్డం నొప్పి కాదు, మరక భయం. లేదంటే బాత్రూం తలుపుకు గడియ లేకపోవడం, నీళ్లు రాకపోవడం, పరుగులో ప్యాడ్ ఒరుసుకుని తొడలు మండటం. వీటికి ధైర్యవచనాలు పనిచేయవు. బంతులు పెట్టే గదిలో ఒక సంచిలో ప్యాడ్లు, రెండు మూడు ముదురు రంగు ట్రాక్ ప్యాంట్లు ఉంచి, అడగకుండా తీసుకోవచ్చని చెప్పాలి. గేమ్స్ పీరియడ్‌కు ముందే ప్యాడ్ మార్చుకునే అయిదు నిమిషాలు ఇవ్వాలి. ఎలాగూ నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాల్సిందే. గడియ సంగతి హెడ్‌మాస్టరు గారి దగ్గర పట్టుబట్టి చేయించాలి.

ఆటలో మరక పడితే పేరు పెట్టి పిలవకండి. దగ్గరికి వెళ్లి "నాతో ఒకసారి రామ్మా, బంతులు తేవాలి" అంటే చాలు. ఎవరైనా నవ్వితే "అది రక్తం. ఆడవాళ్ల ఒంట్లో మామూలుగా జరిగేదే. ఆట మొదలుపెట్టండి" అని ఒక్కసారి స్పష్టంగా చెప్పి ఆటలో పెట్టేయాలి.

పీఈటీ సార్లకూ ఇదే పద్ధతి సరిపోతుంది. కారణం అడగరు కాబట్టి ఏ పిల్లా సార్‌తో చెప్పుకోవాల్సిన పని లేదు. విడిగా మాట్లాడాల్సి వస్తే ఆ పిల్లకు చనువున్న మేడమ్‌కు అప్పగించడం మంచిది.

అపోహ: ఎక్కువ పోతే మంచిదే, చెడు రక్తం పోతుంది.

వాస్తవం: చెడు రక్తం అనేది లేదు. ఒంట్లో తిరిగే రక్తమే, గర్భాశయపు పొరతో కలిసి వస్తుంది. మామూలుగా ఒక నెలసరిలో పోయేది 30 నుంచి 40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువ పోతున్నట్టు. పిల్లలు కొలవలేరు కాబట్టి ఈ గుర్తులు చెప్పాలి: గంటా రెండు గంటలకే ప్యాడ్ నిండిపోవడం, రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడటం, ఏడు రోజులు దాటినా ఆగకపోవడం.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె ఖోఖోలో బాగా పరుగెత్తేది. క్రమంగా స్కోరు పుస్తకం దగ్గరే ఉండిపోసాగింది. ఒక్క రౌండు పరుగెత్తినా ఆయాసపడేది. గోళ్లు పాలిపోయి ఉన్నాయి. జేబులో పచ్చి బియ్యం వేసుకుని నమిలేది. బియ్యం, బలపాలు, మట్టి తినాలనిపించడం చాలాసార్లు ఐరన్ తక్కువైనందుకు గుర్తు, అది చెడు అలవాటని తిట్టకూడదు. విడిగా మాట్లాడితే తొమ్మిది రోజులు పోతుందని, మధ్యాహ్నం భోజనానికి ముందే మూడు ప్యాడ్లు మార్చాల్సి వస్తుందని చెప్పింది. ఆమెను అడిగాకే, సరేనన్నాకే వాళ్లమ్మను పిలిపించాను. "మా ఇంట్లో ఆడవాళ్లందరికీ అంతే మేడమ్" అన్నారావిడ. ఆ మాటను డాక్టరు దగ్గర తప్పకుండా చెప్పమన్నాను. కుటుంబంలో చాలామందికి అలా ఉంటే రక్తం గడ్డకట్టడంలో లోపం ఉందేమో చూస్తారు.

పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది. ఆ వయసు అమ్మాయికి 12 కంటే తగ్గితే రక్తహీనతే. ఏరియా ఆస్పత్రిలో థైరాయిడ్, రక్తం గడ్డకట్టే పరీక్షలు చేశారు, అవి బాగానే ఉన్నాయి. రక్తస్రావం తగ్గడానికి మందు, రోజూ ఐరన్ మాత్రలు రాశారు. మొదట్లో ఆ పిల్ల మాత్రను పొద్దున టీతో వేసుకునేది. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. మధ్యాహ్నం భోజనం తర్వాత వేసుకుని, నిమ్మకాయో జామకాయో తినమన్నాం. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దని ముందే చెప్పాం, ఆ భయంతోనే చాలామంది మాత్ర మానేస్తారు. మొదటి నెల నడక మాత్రమే, తర్వాత చిన్న పరుగులు. మూడు నెలలకు 11.4 అయింది. అప్పటికే తనంతట తాను కోర్టులోకి వచ్చేసింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర రక్తం తగ్గకుండా చూడటానికి. ఇంతగా తగ్గిపోయాక అదొక్కటే చాలదు.

అపోహ: బాగా ప్రాక్టీస్ చేసే పిల్లకు నెలసరి ఆగిపోవడం మామూలే.

వాస్తవం: మొదటి రెండేళ్లు తేదీలు అటూ ఇటూ కావడం మామూలు. 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా కంగారు అక్కర్లేదు. కానీ క్రమంగా వస్తున్నది మూడు నెలలు ఆగిపోయినా, 15 ఏళ్లు నిండినా అసలు మొదలవకపోయినా డాక్టరుకు చూపించాలి. ఆటగాళ్లలో దీనికి ముఖ్య కారణం ప్రాక్టీసుకు తగ్గ తిండి లేకపోవడం. ఖర్చయ్యేంత శక్తి లోపలికి రాకపోతే మెదడు నెలసరి హార్మోన్లను తగ్గించేస్తుంది. ఈస్ట్రోజన్ తగ్గితే ఎముకలు బలహీనపడతాయి. మోకాలి కింద ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి, పరుగెత్తే కొద్దీ పెరగడం ఉంటే అక్కడ సన్నని పగులు ఉండొచ్చు. పరుగు ఆపించి ఎక్స్‌రేకు పంపాలి. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, నొప్పి అలాగే ఉంటే మళ్లీ చూపించాలి.

సెలక్షన్లు దగ్గరపడిన పిల్లను నేను ముందు "పొద్దున ఏం తిని వచ్చావమ్మా?" అని అడుగుతాను. ఆ ప్రశ్న ఎవరి ముందైనా అడగొచ్చు, ఎవరికీ సిగ్గనిపించదు. "ఏం తినలేదు మేడమ్, లావైతే స్పీడు తగ్గుతుందని" అన్న జవాబు వస్తే మిగతా సంగతి విడిగా, మెల్లగా మాట్లాడతాను. నెలసరి ఆగడానికి వేరే కారణాలూ ఉండొచ్చు. వాటిని ఊహించి పిల్లను నిలదీయడం మన పని కాదు, డాక్టరు చూస్తారు. ప్రాక్టీసుకు ముందు అరటిపండు, అయ్యాక ఉడికించిన శనగలో గుడ్డో పెట్టగలిగితే పెట్టాలి, తిండి నిలకడపడేదాకా పరుగు దూరం తగ్గించాలి.