అపోహలు - వాస్తవాలు: ఏడీఎక్స్ 25 పైన ఉంటే ట్రెండ్ ఉన్నట్టేనా?

ట్రెండ్‌లో ఉన్న క్రిప్టో కాయిన్‌కి, రేంజ్‌లో తిరిగే కాయిన్‌కి ఒకే స్ట్రాటజీ పనిచేయదు. అందుకే చాలామంది ముందు చార్ట్ కింద, ట్రెండ్ ఎంత బలంగా ఉందో కొలిచే ఏడీఎక్స్ పెట్టుకుని చూస్తారు. నేనూ అదే చేస్తాను. చిక్కంతా దాన్ని చదవడంలోనే వస్తుంది.

అపోహ: ఏడీఎక్స్ పెరుగుతోందంటే ధర పెరుగుతున్నట్టే.

కాదు. ఏడీఎక్స్‌కి దిక్కు తెలియదు. కాయిన్ ఆగకుండా పడిపోతున్నా అది పైకే వెళ్తుంది. దిక్కు కావాలంటే పక్కనుండే రెండు గీతలు చూడాలి. ప్లస్ డీఐ పైన ఉంటే కొనేవాళ్లది పైచేయి, మైనస్ డీఐ పైన ఉంటే అమ్మేవాళ్లది.

అపోహ: 25 పైన ట్రెండ్, 20 కింద రేంజ్. అంతే.

నా డబ్బు ఎక్కువగా పోయింది ఈ నమ్మకం వల్లే. ఒక కాయిన్ 4 గంటల చార్ట్‌లో బాగా పెరిగి ఆగింది. అప్పటికి ఏడీఎక్స్ 48. తర్వాత ధర ఒక పైగీత, ఒక కిందిగీత మధ్యే అటూ ఇటూ తిరగడం మొదలెట్టింది. ఏడీఎక్స్ ఇంకా 25 పైనే ఉంది కదా అని నేను ప్రతి బ్రేకవుట్‌నీ కొంటూ పోయాను. వరసగా మూడు స్టాప్‌లాస్‌లు తగిలాయి.

ఎందుకలా జరిగిందో లెక్క వేస్తే తెలుస్తుంది. 14 పీరియడ్ సెట్టింగ్‌లో ప్రతి క్యాండిల్‌కీ జరిగేది ఇదే:

```
ADX = (ADX[1] * 13 + DX) / 14
```

ఇక్కడ `ADX[1]` అంటే ముందు క్యాండిల్ విలువ. `DX` అంటే రెండు డీఐల తేడాను వాటి మొత్తంతో భాగించి వందతో గుణిస్తే వచ్చేది. కొత్త క్యాండిల్‌కి పద్నాలుగో వంతు మాటే చెల్లుతుంది, మిగతాదంతా పాత జ్ఞాపకం.

నా కాయిన్‌లో ట్రెండ్ చచ్చిపోయి డీఎక్స్ ఒక్కసారిగా 10కి పడిపోయిందనుకుందాం. ఏడీఎక్స్ 48 నుంచి 45.3కి, తర్వాత 42.8కి, తర్వాత 40.4కి దిగుతుంది. 25 కిందకి రావడానికి 13 క్యాండిల్స్ పడుతుంది. 4 గంటల చార్ట్‌లో అది 52 గంటలు, అంటే రెండు రోజుల పైమాటే. నిజానికి ఇంకా ఆలస్యం కావచ్చు. డీఐలను కూడా ఇలాగే సగటు చేస్తారు కాబట్టి డీఎక్స్ అంత వేగంగా పడదు.

పైకి వెళ్లేటప్పుడూ ఇదే తంతు. ఏడీఎక్స్ 16 దగ్గరున్నప్పుడు డీఎక్స్ ఉన్నట్టుండి 60కి ఎగిరినా, 25 దాటేది నాలుగో క్యాండిల్‌లోనే. ఈలోపు కదలికలో కొంత భాగం అయిపోయి ఉంటుంది.

అందుకే నేనిప్పుడు అంకె కన్నా వాలు ఎక్కువ చూస్తాను. 18 నుంచి 23కి ఎక్కుతున్న ఏడీఎక్స్ మీద నాకు నమ్మకం, 38 నుంచి 31కి జారుతున్న దాని మీద అనుమానం. మూడు క్యాండిల్స్ కిందటి విలువ కన్నా తక్కువుంటే కొత్త బ్రేకవుట్ జోలికి పోను. అలాగని వెంటనే రేంజ్ ఆట మొదలెట్టను కూడా. జారుతోందంటే ట్రెండ్ అలసిందని మాత్రమే అర్థం, కాస్త ఊపిరి పీల్చుకుని మళ్లీ అదే దిక్కున వెళ్లవచ్చు. ధర పైగీతనీ కిందిగీతనీ చెరో రెండుసార్లు తాకి వెనక్కి వచ్చాకే దాన్ని రేంజ్ అంటాను.

అపోహ: ఏడీఎక్స్ 40 ఉందంటే కదలిక పెద్దదని అర్థం.

ఇది చాలామంది గమనించని సంగతి. డీఎక్స్ ఒక నిష్పత్తి మాత్రమే. ఒక కాయిన్‌లో పైకి కదలికల సగటు 9, కిందికి 3 అనుకోండి. తేడా 6, మొత్తం 12, డీఎక్స్ 50. అదే ధరలో ఉన్న ఇంకో కాయిన్‌లో అవి 0.9, 0.3 అయినా డీఎక్స్ 50 దగ్గరే ఆగుతుంది. రెండోది చీమలా పాకుతోంది, కానీ వంకర లేకుండా పాకుతోంది. ఏడీఎక్స్ చూసేది ఆ నిటారుతనాన్నే. ట్రెండ్ నిజమే, కానీ ఫీజులు, స్ప్రెడ్ పోగా చేతికి ఏమీ మిగలకపోవచ్చు. అందుకని ఒక్కో క్యాండిల్‌లో ధర సగటున ఎంత కదులుతోందో చెప్పే ఏటీఆర్ పక్కనే పెట్టి, అది ధరలో ఎంత శాతమో చూసుకున్నాకే దిగుతాను.

అపోహ: ఏడీఎక్స్ 15 దగ్గరుంటే కింద కొని పైన అమ్ముకుంటూ నిశ్చింతగా ఉండొచ్చు.

15 అనేది గడిచిన క్యాండిల్స్ గురించిన మాట, వచ్చేవాటి గురించి కాదు. బ్రేకవుట్లు చాలావరకు ఇలాంటి నిశ్శబ్దంలోంచే పుడతాయి. రేంజ్ గీత బయట స్టాప్‌లాస్ లేకుండా ఈ ఆట ఆడకూడదు.

వాల్యూమ్ తక్కువున్న కాయిన్లలో ఇంకో తంటా. డీఐలలో పైకీ కిందికీ కదలికను కొలిచేది హై, లోలతోనే, క్లోజ్‌ని బట్టి కాదు. ఎవరో ఒకరు పెద్ద మార్కెట్ ఆర్డర్ వేస్తే ఏర్పడే పొడవాటి విక్ ఒక్కటి చాలు, ప్లస్ డీఐ ఎగిరిపడటానికి. ఆ విక్ ఇంకో ఎక్స్ఛేంజ్ చార్ట్‌లో ఉండకపోవచ్చు, కాబట్టి రెండు చోట్లా చూసి పోల్చుకోండి. క్యాండిల్ ముగియకముందు కనిపించే ఏడీఎక్స్‌ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి, అది మళ్లీ మారిపోతుంది.