డూప్లికేట్ టీసీ కోసం రాసే ఉత్తరం: అపోహలు - వాస్తవాలు

బడి ఆఫీసులో గుమస్తాగా చాలా ఏళ్లు పనిచేశాను. జూన్ వచ్చిందంటే కిటికీ దగ్గర కనీసం ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు "టీసీ పోయిందండీ" అంటూ నిలబడేవారు. పోయిన కాగితం మళ్లీ తీసుకోవడం పెద్ద కష్టం కాదు. వాళ్లు తెచ్చే ఉత్తరంతోనే అసలు ఇబ్బంది. దాని గురించి జనంలో ఉన్న కొన్ని నమ్మకాలు ఇవి.

అపోహ: ఎంత వినయంగా, ఎంత బాధగా రాస్తే అంత త్వరగా పని అవుతుంది.

ఒక తండ్రి తెచ్చిన ఉత్తరం ఇప్పటికీ గుర్తుంది. పేజీన్నర ఉంది. కుటుంబ పరిస్థితులు, పిల్లాడి భవిష్యత్తు, మా హెచ్‌ఎం గారి దయాగుణం, అన్నీ రాశాడు. పిల్లాడు ఏ సంవత్సరం చేరాడో, ఏ తరగతి చదివి వెళ్లాడో మాత్రం లేదు. పైగా ఆధార్‌లో ఉన్నట్టు ఇంటిపేరు పూర్తిగా రాశాడు. మా రిజిస్టర్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే, అదీ పేరు చివర్న. మూడు రిజిస్టర్లు తిరగేసినా దొరకలేదు. చివరికి ఇంటికి ఫోన్ చేయించి, పాత ప్రోగ్రెస్ కార్డు మీదున్న అడ్మిషన్ నంబర్ చెప్పించుకుంటే రెండు నిమిషాల్లో పేజీ దొరికింది.

ఆ ఉత్తరం చేయాల్సిన మొదటి పని గుమస్తాను అడ్మిషన్ రిజిస్టర్‌లో సరైన వరుస దగ్గరికి తీసుకెళ్లడం. ఆ వరుస దొరికితే అక్కడి నుంచి టీసీ పుస్తకం కౌంటర్‌ఫాయిల్ దొరుకుతుంది. డూప్లికేట్ రాసేది దాన్ని చూసే. అడ్మిషన్ నంబర్ తెలియకపోతే పాత ప్రోగ్రెస్ కార్డు, ఫీజు రసీదు, బోనఫైడ్ సర్టిఫికెట్ వెతకండి. టీసీ జిరాక్స్ ఉంటే ఇంకా మంచిది, దాని మీద టీసీ నంబరే ఉంటుంది. ఏదీ లేకపోతే చేరిన సంవత్సరం, తరగతి, అప్పట్లో రాయించిన పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ రాస్తే చాలు. ఇప్పటి పేరు కాదు, అప్పటి పేరు.

అపోహ: టీసీ పోయింది అంటే చాలు, ఎలా పోయిందో బడికి అనవసరం.

అసలు బడి వాళ్లు భయపడేది ఇక్కడే. టీసీ అంటే ఈ పిల్లాడు మా దగ్గర నుంచి వెళ్లిపోయాడు, ఇక మీరు చేర్చుకోవచ్చు అని ఇంకో బడికి చెప్పే కాగితం. ఒకే పిల్లాడికి రెండు టీసీలు బయట తిరిగితే రెండు చోట్ల చేరే వీలుంటుంది. అందుకే మీ ఉత్తరంలో హెచ్‌ఎం వెతికేది మూడు విషయాలు: అసలు టీసీ ఎప్పుడు తీసుకున్నారు, ఎక్కడ పోయింది, దానితో ఇంకెక్కడైనా చేరారా.

ఇంకో సంగతి. టీసీ పోయిందని వచ్చేవాళ్లలో కొందరిది నిజానికి పోలేదు. పిల్లాడు ఆ తర్వాత ఇంకో బడిలో చేరి ఉంటే, టీసీ అక్కడి ఫైల్లో ఉంటుంది. ఇప్పుడు కావాల్సింది ఆ చివరి బడి ఇచ్చే కొత్త టీసీ, మా డూప్లికేట్ కాదు. అలా వచ్చినవాళ్లను ఉత్తరం తీసుకోకుండానే వెనక్కి పంపేవాణ్ని. కొత్త బడి వాళ్లే పోగొట్టుకున్నట్టయితే, ఆ మాట వాళ్ల లెటర్‌హెడ్ మీద రాయించుకుని మీ ఉత్తరానికి జత చేయండి.

పైన చెప్పిన తండ్రి విషయంలో మాత్రం టీసీ నిజంగానే పోయింది, బస్సులో సంచితో సహా. కిటికీ దగ్గరే కూర్చోబెట్టి రెండో ఉత్తరం రాయించాను. ఇంచుమించు ఇలా ఉంది:

> ప్రధానోపాధ్యాయులు గారికి,
>
> విషయం: పోయిన టీసీకి డూప్లికేట్ ఇప్పించమని విన్నపం.
>
> అయ్యా,
>
> మా అబ్బాయి (రిజిస్టర్‌లో ఉన్న పేరు) 2021లో మీ బడిలో ఆరో తరగతిలో చేరి, 2024 ఏప్రిల్‌లో ఎనిమిదో తరగతి పూర్తి చేశాడు. అడ్మిషన్ నంబర్ ....., పుట్టినతేదీ ...... 2024 జూన్ 14న టీసీ తీసుకున్నాను. జూన్ 17న బస్సు ప్రయాణంలో సంచి పోయి, అందులో ఉన్న టీసీ కూడా పోయింది. వెతికినా దొరకలేదు. ఆ టీసీతో ఏ బడిలోనూ చేర్పించలేదు. తొమ్మిదో తరగతిలో చేర్పించడానికి డూప్లికేట్ టీసీ ఇప్పించగలరు. అసలు టీసీ దొరికితే వెంటనే మీకు అప్పగిస్తాను.
>
> ఇట్లు,
> (తండ్రి సంతకం, తేదీ, ఫోన్ నంబర్)

చివరి రెండు మూడు వాక్యాలే ఈ ఉత్తరానికి ప్రాణం. అవి లేకపోతే మళ్లీ రాయిస్తారు.

అపోహ: ఎఫ్‌ఐఆర్ లేనిదే డూప్లికేట్ ఇవ్వరు.

ఎఫ్‌ఐఆర్ నేరం జరిగినప్పుడు. కాగితం జారిపోవడం నేరం కాదు కాబట్టి పోలీసులు దానికి మామూలుగా ఎఫ్‌ఐఆర్ కట్టరు. వస్తువు పోయిందని ఫిర్యాదు తీసుకుని రసీదో, వెతికినా దొరకలేదని సర్టిఫికెట్టో ఇస్తారు. సంచి దొంగిలించారంటే సంగతి వేరు. కొన్ని బడులు పోలీసు కాగితం అడుగుతాయి, కొన్ని నోటరీ చేయించిన అఫిడవిట్‌తో సరిపెడతాయి, కొన్ని రెండూ అడుగుతాయి. ముందే వెళ్లి అడగండి. స్టాంప్ పేపర్ కొనుక్కొచ్చి తర్వాత అడిగేవాళ్లను చూస్తే నాకు జాలేసేది.

అపోహ: ఎలాగూ కొత్తగా రాస్తున్నారు కదా, పుట్టినతేదీ, పేరు సరిచేసి ఇస్తారు.

ఇవ్వరు. డూప్లికేట్ అంటే నకలు. కౌంటర్‌ఫాయిల్‌లో తప్పుంటే ఆ తప్పుతోనే వస్తుంది. దిద్దుబాటుకు వేరే దరఖాస్తు, వేరే పద్ధతి ఉంటుంది. రెండూ ఒకే ఉత్తరంలో కలిపి రాస్తే ఏ ఉద్దేశంతో టీసీ "పోయిందో" అని అనుమానం వస్తుంది. అప్పుడు రెండూ ఆగిపోతాయి.

అపోహ: డూప్లికేట్ వచ్చేదాకా పిల్లాడు ఇంట్లో కూర్చోవాల్సిందే.

ఎనిమిదో తరగతి వరకు అయితే అక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం, టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు అడ్మిషన్ ఆపకూడదు. ఆ తండ్రికి ఈ వెసులుబాటు లేదు, కొడుకు తొమ్మిదికి వెళ్తున్నాడు. కొత్త బడి పదిహేను రోజుల గడువిచ్చింది. అందుకే అంత టెన్షన్.

డూప్లికేట్ చేతికిచ్చాక అక్కడే నిలబడి చూసుకోండి. "డూప్లికేట్" అన్న మాట స్పష్టంగా ఉందా, పుట్టినతేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటే ఉందా, హెచ్‌ఎం సంతకం, బడి ముద్ర పడ్డాయా, కొట్టివేతలు ఉన్నాయా. ముఖ్యంగా బడి విడిచిన తేదీ. డూప్లికేట్ ఇచ్చిన తేదీ ఈరోజుది కావచ్చు, విడిచిన తేదీ మాత్రం పాతదే ఉండాలి. ఆ తండ్రికి నేను తొందరలో రెండు గడుల్లోనూ ఆరోజు తేదీయే వేశాను. ఆయన చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. కొత్త బడి వాళ్లు చూశారు. గడువుకు రెండు రోజుల ముందు ఆయన మళ్లీ మా కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఈసారి ఉత్తరం అడగకుండా కొత్తది రాసిచ్చాను.