చప్పుడు చేసేది గొలుసు, చెప్పకుండా తెగేది బెల్టు

బొబ్బిలి నుంచి విజయనగరం వస్తున్న డీజిల్ కారొకటి గజపతినగరం దాటాక ఉన్నట్టుండి ఆగిపోయింది. పొగ రాలేదు, చప్పుడు రాలేదు, ఇంజిన్ వేడెక్కనూ లేదు. నడుపుతున్నది మా పెదనాన్న, రిటైరైన బడిపంతులు. తొమ్మిదేళ్ల బండి, మీటరులో 42,000 కిలోమీటర్లే ఉన్నాయి. సెల్ఫ్ కొడితే ఇంజిన్ మామూలు కన్నా తేలిగ్గా గిరగిరా తిరుగుతోంది గాని అందుకోవడం లేదు. ఫోనులో ఆ శబ్దం వినిపించగానే మెకానిక్ అన్న మాట: "ఇంక సెల్ఫ్ కొట్టకండి మాస్టారూ, బెల్టు ఎల్లిపోనాది."

చూడకుండానే అతను ఎలా చెప్పగలిగాడో అర్థం కావాలంటే ఆ బెల్టు చేసే పనేమిటో తెలియాలి. పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతూ తిప్పేది క్రాంక్ షాఫ్ట్. గాలి లోపలికి రావడానికీ, పొగ బయటికి పోవడానికీ వాల్వులు తెరిచేది పైనున్న క్యామ్ షాఫ్ట్. ఈ రెంటినీ కట్టి ఉంచేదే టైమింగ్ బెల్టు లేదా టైమింగ్ చైన్. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి, అందుకే క్యామ్ చక్రానికి పళ్లు రెట్టింపు ఉంటాయి. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటోందన్నమాట. ఆ 25 సార్లూ పిస్టన్ దారిలోంచి తప్పుకోవాలి కూడా.

డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ పైకొచ్చినప్పుడు హెడ్‌కీ దానికీ మధ్య మిగిలే సందు ఒక మిల్లీమీటరు, అటూ ఇటూ. తెరిచి ఉన్న వాల్వు అంతకన్నా చాలా ఎక్కువే కిందికి దిగుతుంది. అంటే వంతు తప్పితే ఢీ కొట్టక తప్పదు. బెల్టు తెగిన క్షణంలో క్యామ్ ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది, కొన్ని వాల్వులు తెరిచే ఉండిపోతాయి. బండి ఇంకా వేగంలో ఉంది, చక్రాలు గేరు ద్వారా క్రాంక్‌ను తిప్పుతూనే ఉంటాయి. పిస్టన్లు వచ్చి ఆ వాల్వులను గుద్దుతాయి, వాల్వుల కాడలు వంగుతాయి. వంగిన వాల్వు మూసుకోదు గనక లోపల గాలి నొక్కుకోదు, అంటే కంప్రెషన్ ఉండదు. కంప్రెషన్ లేని ఇంజిన్‌ను తిప్పడం సెల్ఫ్ మోటారుకు చాలా సులువు. ఫోనులో మెకానిక్ విన్నది అదే. మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొడితే మిగిలిన వాల్వులు కూడా పోతాయి.

షెడ్డులో పై కవరు విప్పితే సంగతి బయటపడింది. బెల్టు రెండు ముక్కలు కాలేదు. కింద క్రాంక్ పుల్లీ దగ్గర ఒక బెత్తెడు మేర పళ్లు ఒలిచేసినట్టు పోయాయి. అక్కడ రబ్బరు మెత్తబడి, నల్లగా, నూనె తడితో ఉంది. పైన క్యామ్ ఆయిల్ సీల్ ఎప్పటినుంచో చెమరుస్తోంది. హెడ్ దింపి చూస్తే పిస్టన్ల నెత్తిన అర్ధచంద్రాకారపు గంట్లు.

మా పెదనాన్న వాదన ఒక్కటే: బెల్టు లక్ష కిలోమీటర్లు వస్తుందన్నారు కదా, సగం కూడా తిరగలేదే అని. ఆయన మర్చిపోయింది రెండో షరతు. బండి పుస్తకంలో కిలోమీటర్ల పక్కనే ఏళ్లు కూడా రాసి ఉంటాయి, ఏది ముందొస్తే అది. ఇంజిన్‌ను బట్టి 60,000 నుంచి 1,50,000 కిలోమీటర్ల దాకా, లేదా 5 నుంచి 10 ఏళ్ల దాకా మాట. బెల్టంటే రబ్బరు, దానిలోపల సాగకుండా పట్టి ఉంచే గ్లాస్ ఫైబర్ పోగులు, పళ్ల మీద నైలాన్ బట్ట. బండి నడిచినా, పోర్టికోలో పడి ఉన్నా ఇంజిన్ వేడికీ గాలికీ రబ్బరుకు వయసు మీదపడుతూనే ఉంటుంది. దానికి నూనె తోడైతే ఆ లెక్కలేవీ నిలవవు. వారానికోసారి సంతకూ, పెళ్లిళ్లకూ మాత్రమే తీసే బండ్లకే ఈ ప్రమాదం ఎక్కువ అనిపిస్తుంది నాకు. యజమాని చూసేది మీటరును గాని క్యాలెండరును కాదు.

పోనీ, తెగే ముందు ఏదైనా శబ్దం వస్తుందా అంటే, సాధారణంగా రాదు. బానెట్ కింద కీచుమని అరిచేది బయట కనపడే ఫ్యాన్ బెల్టు. టైమింగ్ బెల్టు ప్లాస్టిక్ కవరు లోపల, పళ్లకు పళ్లు పట్టుకుని తిరుగుతుంది కాబట్టి జారి అరవదు. ఈ నిశ్శబ్దమే దానికి గిరాకీ తెచ్చిన గుణాల్లో ఒకటి. 1962లో జర్మనీలో గ్లాస్ 1004 అనే చిన్న కారుతో ఈ పళ్ల బెల్టు మార్కెట్లోకి వచ్చింది. తేలిక, చవక, నూనె అక్కర్లేదు, పైగా చప్పుడు లేదు. బెల్టు వైపునుంచి సన్నగా ఊళ పెట్టినట్టు శబ్దం వస్తుంటే ముందు రావాల్సిన అనుమానాలు రెండు: బెల్టు మరీ బిగించేశారు, లేదా దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ పుల్లీ బేరింగు అరుగుతోంది. ఆ బేరింగు పట్టేసినా బెల్టు పని ఆఖరే. అందుకే బెల్టు ఒక్కటే మార్చి ఊరుకోరు. టెన్షనర్, బెల్టును దారి మళ్లించే ఐడ్లర్ పుల్లీ, ఆ బెల్టు మీదే తిరిగేదైతే వాటర్ పంపు, అన్నీ ఒకేసారి మారుస్తారు.

ఇక గొలుసు సంగతి. మన ఊళ్లలో కార్ల కన్నా ముందు దీన్ని పరిచయం చేసినవి బైకులు. స్ప్లెండర్ బండి గరగరలాడుతుంటే "టైమింగ్ చైన్ సౌండొస్తంది" అని నరసన్నపేటలో ఏ కుర్ర మెకానికైనా చెబుతాడు. కారులోనూ అదే జాతి గొలుసు, కాకపోతే ఇంజిన్ లోపల, నూనెలో తడుస్తూ తిరుగుతుంది. పక్కల ప్లాస్టిక్ గైడ్లు దాన్ని దారిలో ఉంచుతాయి, నూనె ఒత్తిడితో పనిచేసే టెన్షనర్ బిగువుగా పట్టి ఉంచుతుంది.

దీని శబ్దం పుట్టుకతోనే ఉంది. గొలుసు లంకెలు వంగవు, కీళ్ల దగ్గరే మడుస్తాయి. కాబట్టి చక్రం చుట్టూ గుండ్రంగా కాక పలకలు పలకలుగా పడుతుంది. ప్రతి పలక పన్ను మీద పడ్డప్పుడు చిన్న దెబ్బ. క్రాంక్ చక్రానికి 20 పళ్లుండి, ఇంజిన్ నిమిషానికి 2,100 చుట్లు తిరిగితే సెకనుకు 35 చుట్లు, అంటే 700 దెబ్బలు. అదంతా కలిసి మనకు ఒకే జోరులా వినిపిస్తుంది. బెల్టుకూ అన్ని పళ్లూ పడతాయి గాని రబ్బరు ఆ దెబ్బను మింగేస్తుంది. కొత్త ఇంజిన్లలో పళ్లున్న సైలెంట్ చైన్లు వచ్చాక తేడా చాలా తగ్గింది. క్యాబిన్‌లో కూర్చుంటే ఇది బెల్టా, గొలుసా అన్నది చాలామంది పోల్చుకోలేరు.

గొలుసుకు కిలోమీటర్ల గడువు సాధారణంగా రాయరు. "ఇంజిన్ ఉన్నంతకాలం" అంటారు. ఈ మాటను నేను సగమే నమ్ముతాను. గొలుసు తెగడం అరుదే, కానీ పొడవు పెరుగుతుంది. ఇనుము సాగి కాదు, ప్రతి కీలు దగ్గరా పిన్ను కాస్త కాస్త అరిగి. క్రాంక్‌కూ క్యామ్‌కూ మధ్య బిగువుగా ఉండే వైపు 40 లంకెలున్నాయనుకుందాం. ఒక్కో కీలు 0.04 మిల్లీమీటరు అరిగితే మొత్తం 1.6 మిల్లీమీటర్లు. లంకె పొడవు 8 మిల్లీమీటర్లు, క్యామ్ చక్రానికి 40 పళ్లు అనుకుంటే దాని చుట్టుకొలత 320. ఆ లెక్కన క్యామ్ 1.8 డిగ్రీలు వెనకబడుతుంది, క్రాంక్ కొలతలో అది 3.6 డిగ్రీలు. బండి నడుస్తుంది, కానీ లాగుడు తగ్గుతుంది. క్రాంక్ సెన్సరు చెప్పేదీ, క్యామ్ సెన్సరు చెప్పేదీ పొంతన కుదరక ఒకనాడు మీటరు బోర్డులో ఇంజిన్ లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే చాలా బండ్లలో కనిపించే కోడు `P0016`.

ఈ అరుగుదల వేగం నూనె చేతిలో ఉంది. డీజిల్‌లో మసి నూనెలోకి దిగి పిన్నులను సన్నటి ఆకురాయిలా రాస్తుంటుంది. ఆయిల్ మార్చాల్సిన గడువు దాటించేకొద్దీ మసి పెరుగుతుంది. శ్రీకాకుళం కాంప్లెక్స్ దగ్గర నుంచి విశాఖ సర్వీసు కొట్టే ట్యాక్సీ ఒకటి నాకు తెలుసు, రెండు లక్షల కిలోమీటర్లు దాటినా గొలుసు జోలికి పోలేదు. ఆ డ్రైవరు ఆయిల్ విషయంలో ఒక్క రోజు ఆలస్యం చేయడు. అతని పక్కన నిలిపే ఇంకో బండి, అదే మోడల్, లక్షా ఇరవై వేలకే ఉదయాన్నే గరగరలాడడం మొదలెట్టింది.

ఆ గరగరను వినడం నేర్చుకోవాలి. రాత్రంతా ఆగిన ఇంజిన్‌లో టెన్షనర్‌లోని నూనె కొంత కిందికి జారి గొలుసు వదులవుతుంది. స్టార్ట్ చేయగానే ఒకటి రెండు సెకన్లు గరగరమని, నూనె ఒత్తిడి అందగానే ఆగిపోతే కంగారు లేదు. రోజురోజుకూ అది నాలుగైదు సెకన్లకు పెరిగినా, వేడెక్కాక కూడా స్లో మీద వినబడుతున్నా ఆలస్యం చేయకూడదు. ముందు డిప్ స్టిక్ తీసి చూడాలి. నూనె తక్కువుంటే టెన్షనర్‌కు బలం చాలదు, గొలుసు బాగున్నా చప్పుడొస్తుంది. నూనె సరిగా ఉండీ చప్పుడుంటే గైడ్లో, టెన్షనరో, గొలుసో అరిగినట్టే. పైన అనుకున్న చక్రాల మీద వదులైన గొలుసు ఒక్క పన్ను దాటితే క్రాంక్ లెక్కలో ఒకేసారి 18 డిగ్రీల తేడా. రెండు పళ్లు దాటితే వాల్వులు బతకడం కష్టం. గొలుసు బండికీ చివరి గతి బెల్టు బండిలాంటిదే, కాకపోతే నెలల ముందు నుంచి అది చెబుతూనే ఉంటుంది. ఖర్చులో మాత్రం గొలుసుదే పైచేయి. కొన్ని కార్లలో దాన్ని చేరాలంటే ఇంజిన్ దింపాల్సిందే.

మీ బండిలో ఉన్నది ఏదో మోడల్ పేరును బట్టి ఊహించకండి. ఆల్టో 800లో బెల్టు, ఆల్టో కె10లో గొలుసు. పాత ఇన్నోవా డీజిల్‌లో బెల్టు, క్రిస్టా 2.4లో గొలుసు. పాత ఇన్నోవాలో `T-BELT` అని ఒక దీపం ఉంటుంది. దానికి బెల్టు ఎలా ఉందో తెలియదు, కిలోమీటర్లు లెక్కపెట్టి వెలుగుతుంది అంతే. బెల్టు మార్చి దీపాన్ని రీసెట్ చేయకపోయినా, మార్చకుండా రీసెట్ చేసినా అది చెప్పే మాటకు విలువ లేదు.

బెల్టు మార్పిస్తుంటే షెడ్డులో నిలబడి ఒక్క పని చూడండి. క్రాంక్, క్యామ్ చక్రాల మీది గుర్తులు కలిపి కొత్త బెల్టు ఎక్కించాక మెకానిక్ సెల్ఫ్ కొట్టకూడదు. క్రాంక్ బోల్టుకు స్పానర్ పెట్టి చేత్తో నిండా రెండు చుట్లు తిప్పాలి. అప్పుడు క్యామ్ ఒక చుట్టు పూర్తి చేసుకుని గుర్తులన్నీ మళ్లీ మొదటి చోటికే రావాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలినట్టు ఆగితే బలవంతం చేయకుండా విప్పి మళ్లీ కలపాలి. పని అయ్యాక తేదీ, కిలోమీటర్లు రాసిన చీటీ కవరు మీద అంటించమనండి. సెకండ్ హ్యాండ్ బెల్టు బండి కొంటూ ఆ చీటీ గాని, బిల్లు గాని కనపడకపోతే, అమ్మేవాడు ఎంత ఒట్టేసినా, బేరంలో కొత్త బెల్టు కిట్టు ధర తగ్గించుకుని ముందు దాన్ని మార్పించండి.